ప్రోనోటు దావా సమన్లు వచ్చాయి, లాయర్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేవు: ఉచిత లాయర్ దగ్గర్నుంచి లోక్ అదాలత్ రాజీ దాకా ఏం చేయాలి

నేను పారా లీగల్ వాలంటీర్‌గా పని చేస్తున్నాను. నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే రకం. "అన్నా, కోర్టు నుంచి కాగితం వచ్చింది, ప్రోనోటు మీద దావా వేశారంట, లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు, లోక్ అదాలత్‌కి వెళ్తే సరిపోతుందా?" అని అడుగుతారు. సరిపోదు. ముందు ఉచిత లాయర్‌ని తెచ్చుకోవాలి, తర్వాతే లోక్ అదాలత్. ఈ వరుస తారుమారు చేసుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు. అందుకే మొదటి రోజు నుంచి చివరి కిస్తీ కట్టేదాకా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మామూలు ప్రోనోటు దావా పడినవాళ్ల కోసం.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. టైలరింగ్ చేసుకునే ఒకావిడ తెలిసినాయన దగ్గర లక్ష రూపాయలు తీసుకుంది. వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ప్రోనోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి కూడా ఇచ్చింది. ఫోన్‌పేలో ఆరుసార్లు ఐదేసి వేలు పంపింది, తర్వాత ఆపేసింది. 33 నెలలకి ఆయన దావా వేశాడు. అసలు 1,00,000, వడ్డీ 66,000, మొత్తం 1,66,000 అని రాశాడు. ఆవిడ కట్టిన 30,000 ఊసే అందులో లేదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివరిదాకా ఇదే వాడతాను.

## 1. వచ్చిన కాగితం ఏమిటో ముందు తేల్చుకోండి

మూడు రకాల కాగితాలు రావచ్చు. మూడింటికీ చేయాల్సిన పని వేరు.

లాయర్ నోటీసు. లాయర్ లెటర్‌హెడ్ మీద ఉంటుంది, కోర్టు ముద్ర ఉండదు. ఇంకా దావా పడలేదని అర్థం. జవాబు ఇవ్వడం మంచిది.

లోక్ అదాలత్ నోటీసు. న్యాయ సేవాధికార సంస్థ నుంచి వస్తుంది. దావా వేయకముందే రాజీకి పిలిచే కేసుల్లో, అంటే ప్రీ లిటిగేషన్ కేసుల్లో, ముఖ్యంగా బ్యాంకు అప్పులకి ఇలాంటివి వస్తాయి. మాట్లాడుకుందాం రమ్మని పిలుపు మాత్రమే. వెళ్లకపోతే అక్కడికక్కడే మీ మీద డిక్రీ, అంటే డబ్బు కట్టమనే కోర్టు ఉత్తర్వు, ఏమీ రాదు. కానీ వెళ్లి సంతకం పెడితే మాత్రం అది డిక్రీతో సమానం.

కోర్టు సమన్లు. కోర్టు ముద్ర, కేసు నంబరు (ఓ.ఎస్. నంబరు, సంవత్సరం), మీరు హాజరు కావాల్సిన వాయిదా తేదీ ఉంటాయి. దావా కాపీ జత చేసి ఉంటుంది. అసలు టెన్షన్ పడాల్సింది దీనికే, ఎందుకంటే దీనికి గడువులున్నాయి.

సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. దాన్నే రిటన్ స్టేట్‌మెంట్ అంటారు. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా సమయం ఇవ్వొచ్చు. అసలు హాజరే కాకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అవతలివాళ్లు చెప్పిందే విని 1,66,000కి డిక్రీ ఇచ్చేస్తారు.

కోర్టు అమీనా సమన్లు తెస్తే తీసుకోవద్దని, తలుపేసుకోమని ఊళ్లో సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. తీసుకోకపోయినా తలుపుకి అంటించి వెళ్తారు, అందినట్టే లెక్కవుతుంది, పైగా దావాలో ఏం రాశారో మీకు తెలియకుండా పోతుంది.

ఆ రోజే చేయాల్సినవి:

- సమన్లు అందిన తేదీ కవరు మీద రాసుకోండి.
- ప్రతి పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
- వాయిదా తేదీ, కోర్టు పేరు, ఓ.ఎస్. నంబరు వేరే కాగితం మీద రాసుకోండి.
- eCourts Services యాప్‌లో కేసు వెతికి CNR నంబరు రాసుకోండి. దాంతో తర్వాతి వాయిదాలు ఇంటి నుంచే చూసుకోవచ్చు.

## 2. మీకు ఉచిత లాయర్ వస్తాడా లేదా

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఎవరెవరికి హక్కు ఉందో రాసి ఉంది. చాలామంది దీన్ని తెల్ల రేషన్ కార్డు వాళ్లకే అనుకుంటారు. అది తప్పు.

ఆదాయంతో సంబంధం లేకుండా హక్కున్నవాళ్లు: మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, మనుషుల అక్రమ రవాణా లేదా వెట్టి బాధితులు, వరద, కరువు, భూకంపం లాంటి విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లు. వీళ్లలో ఎవరైనా సరే ఆదాయ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని లేదు.

మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి. దీనికి కూడా మీరు ఇచ్చే అఫిడవిట్ సాధారణంగా సరిపోతుందని చట్టంలోనే ఉంది. సర్టిఫికెట్ చేతిలో ఉంటే జత చేయండి, లేకపోతే దానికోసం వారాలు ఆగకండి.

మన ఉదాహరణలో ఆవిడకి కేవలం మహిళ అన్న ఒక్క కారణం చాలు. భర్తకి ఉద్యోగం ఉన్నా, ఇల్లు సొంతమైనా తేడా లేదు.

ఒక షరతు అందరికీ ఉంది. మీ కేసులో వాదించడానికి ప్రాథమికంగా ఏదో ఒక ఆధారం ఉండాలి. "30,000 కట్టాను, లెక్కలో చూపలేదు" అన్నది మంచి ఆధారమే.

## 3. దరఖాస్తు ఎక్కడ, ఎలా ఇవ్వాలి

మీ కేసు ఏ కోర్టులో ఉందో ఆ కోర్టు ఆవరణలోకే వెళ్లండి. మండల స్థాయిలో ఉన్న కోర్టైతే అక్కడ మండల న్యాయ సేవాధికార సంఘం ఉంటుంది, అక్కడి సీనియర్ జడ్జిగారే దానికి ఛైర్మన్. జిల్లా కేంద్రమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, చాలాచోట్ల ఆ భవనం మీద 'న్యాయ సేవా సదన్' అని రాసి ఉంటుంది. గేటు దగ్గర కానిస్టేబుల్‌ని "లీగల్ ఎయిడ్ ఆఫీసు ఎక్కడ?" అని అడిగితే చూపిస్తారు. దారి తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి, అది టోల్ ఫ్రీ. nalsa.gov.in లో ఆన్‌లైన్‌గా కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ సమన్లు వచ్చిన కేసుకి నేరుగా వెళ్లడమే నయం. అక్కడివాళ్లు మీ వాయిదా తేదీ చూసి పని త్వరగా కదిలిస్తారు.

ఫారం అక్కడే ఇస్తారు. తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటారు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడున్న వాలంటీర్ రాసి పెడతారు. రాయాల్సింది ఇంతే:

> నా పేరు, భర్త/తండ్రి పేరు, చిరునామా, ఫోన్ నంబరు.
> నేను మహిళను. (లేదా ఎస్సీ/ఎస్టీ/వికలాంగుడిని/నా వార్షికాదాయం 3 లక్షల లోపు.)
> నా మీద ఫలానా కోర్టులో ఓ.ఎస్. నంబరు … దావా వేశారు. ఫలానా తేదీన సమన్లు అందాయి. వాయిదా ఫలానా తేదీన ఉంది.
> నేను 30,000 రూపాయలు చెల్లించినప్పటికీ దావాలో చూపలేదు.
> నా తరఫున వాదించడానికి ఉచితంగా న్యాయవాదిని నియమించవలసిందిగా కోరుతున్నాను.

వాయిదా తేదీని పెద్ద అక్షరాలతో రాయండి. దరఖాస్తు మీద నిర్ణయం ఏడు రోజుల్లోపు తీసుకోవాలని నిబంధన ఉంది, కానీ మీ వాయిదా నాలుగు రోజుల్లోనే ఉంటే ఆ సంగతి వాళ్ల కళ్లకి కనపడాలి కదా.

తీసుకెళ్లాల్సినవి:

- సమన్లు, దావా కాపీ (ఒరిజినల్, ఒక జిరాక్స్)
- ఆధార్ కార్డు జిరాక్స్
- మీరు ఏ కోవలోకి వస్తే దానికి రుజువు: కుల ధ్రువీకరణ పత్రం, సదరం సర్టిఫికెట్, లేదా ఆదాయ అఫిడవిట్. మహిళలకి ఆధార్ చాలు.
- దరఖాస్తు రెండో కాపీ. దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి.

ఈ ముద్ర వేయించుకున్న కాపీ చాలామంది వదిలేస్తారు. తర్వాతి దశలో మిమ్మల్ని ఎక్స్‌పార్టీ కాకుండా కాపాడేది అదే.

దరఖాస్తుకి రుసుము లేదు. గేటు దగ్గర "నేను చేయించి పెడతా, ఐదొందలివ్వు" అనేవాళ్లకి దూరంగా ఉండండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, ఆ సంస్థ ఛైర్మన్‌కి అప్పీలు పెట్టుకునే అవకాశం ఉంది.

## 4. లాయర్ ఇంకా రాలేదు, వాయిదా వచ్చేసింది

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. దరఖాస్తు పెట్టాం కదా అని ఇంట్లో కూర్చుంటారు. న్యాయ సేవాధికార సంస్థలో మీ దరఖాస్తు పెండింగ్‌లో ఉందని కోర్టుకి దానంతట అది తెలియదు.

వాయిదా రోజు పది గంటలకల్లా కోర్టు హాల్ దగ్గర ఉండండి. బయట అతికించిన జాబితాలో మీ కేసు వరుస చూసుకోండి. బెంచి క్లర్క్‌కి మీరు ప్రతివాది అని, వచ్చారని ముందే చెప్పండి. పేరు పిలవగానే ముందుకెళ్లి ఇలా చెప్పండి: "అయ్యా, నేను ప్రతివాదిని. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. లీగల్ ఎయిడ్‌కి దరఖాస్తు పెట్టాను, ఇదిగో కాపీ. నాకు సమయం ఇప్పించండి." ఆ తర్వాత ముద్ర వేసిన కాపీ ఇవ్వండి. జడ్జి మేడమ్ అయితే "అమ్మా" అనండి, తప్పేం లేదు. భయంతో మాట రాకపోతే ఇదే సంగతి కాగితం మీద రాసి ఇచ్చినా చాలు.

ఆ రోజు అప్పు గురించి వాదన పెట్టుకోకండి. "డబ్బు తీసుకున్న మాట నిజమే, కట్టేస్తా" అని కూడా తొందరపడి అనకండి. లాయర్ కాగితాలు చూశాక ఏం చెప్పాలో తేలుతుంది.

ఇప్పటికే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేసి ఉంటే దాన్ని రద్దు చేయమని పిటిషన్ వేయొచ్చు. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. దీనికీ ఉచిత లాయరే వస్తాడు, కాబట్టి తెలిసిన రోజే దరఖాస్తు పెట్టండి.

## 5. ప్యానెల్ లాయర్‌తో మొదటి మాటలు

మీకు ప్యానెల్ లాయర్ పేరు, ఫోన్ నంబరుతో ఒక ఉత్తర్వు ఇస్తారు. ప్రోనోటు దావా సివిల్ కేసు కాబట్టి ప్యానెల్‌లోని లాయర్ వస్తారు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని వినపడేది క్రిమినల్ కేసుల కోసం ఉన్న వేరే ఏర్పాటు. లాయర్ దగ్గరికి వెళ్లి వకాల్తా మీద సంతకం చేయండి. ఖాళీ తెల్లకాగితాల మీద మాత్రం పెట్టకండి.

ఆయనకి ఫీజు సంస్థ ఇస్తుంది. మీ దగ్గర ఫీజు అడగకూడదు, తీసుకోకూడదు. టైపింగ్, కాపీలు, కోర్టు ఖర్చులు కూడా న్యాయ సహాయంలో భాగమే. ఎవరైనా అడిగితే గొడవ పడకుండా "సంస్థలో కనుక్కుని చెప్తానండీ" అని వచ్చేసి, సెక్రటరీగారికి రాతపూర్వకంగా చెప్పండి. ప్యానెల్ లాయర్ల పని చూడటానికి మానిటరింగ్ కమిటీ ఉంటుంది. ఫోన్ ఎత్తకపోయినా, వాయిదాలకి రాకపోయినా లాయర్‌ని మార్చమని అడగొచ్చు. నా అనుభవంలో తేదీలతో సహా రాసిస్తేనే అది త్వరగా అవుతుంది. "సరిగ్గా చూడట్లేదు" అని ఊరికే అంటే పని జరగదు, "ఫలానా రెండు వాయిదాలకి రాలేదు" అని రాయాలి.

లాయర్ మిమ్మల్ని మొదట అడిగేది "నోటు మీద సంతకం మీదేనా?" అని. నిజం చెప్పండి. సంతకం మీదై ఉండి కాదని జవాబులో రాయిస్తే, నిపుణుడి దగ్గరికి పంపాక అబద్ధమని తేలితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. సంతకం ఒప్పుకుంటే డబ్బు ముట్టినట్టే కోర్టు మొదట భావిస్తుంది, కాదని రుజువు చేసే భారం మీ మీద ఉంటుంది. కాబట్టి మన ఉదాహరణలో బలం సంతకంలో లేదు, కట్టిన 30,000లో ఉంది.

ఆ 30,000 నోటు వెనక చెల్లు వేయించుకోలేదు. అయినా ఫోన్‌పే రికార్డు ఉంది. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. బ్యాంకుకి వెళ్లి ఆ నెలల స్టేట్‌మెంట్ ముద్రతో తీసుకుని, ఆరు ఎంట్రీలూ గుర్తు పెట్టి ఇవ్వండి. చేతికిచ్చిన డబ్బుకి రుజువు దొరకడం చాలా కష్టం, సాక్షి ఉంటే పేరు చెప్పండి.

నోటు తేదీ కూడా చూపించండి. ప్రోనోటు మీద దావాకి మూడేళ్లే గడువు. నోటు వెనక చెల్లు ఉంటే, దాని మీద మీ సంతకం ఉంటే, అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దాటాక దొంగ చెల్లు రాసి దావా వేసిన కేసులు కూడా ఉంటాయి, కాబట్టి నోటు వెనక వైపు కాపీ తప్పకుండా చూడండి. మన ఉదాహరణలో 33 నెలలు కాబట్టి గడువులోనే ఉంది.

జవాబు దాఖలయ్యాక, అప్పుడు లోక్ అదాలత్ మాట ఎత్తండి. కారణం చెప్తాను. జవాబు లేకుండా రాజీకి వెళ్తే మీ 30,000 సంగతి రికార్డులో ఎక్కడా ఉండదు. రాజీ కుదరకపోతే ఫైలు మళ్లీ కోర్టుకే వస్తుంది, అప్పటికి జవాబు గడువు కూడా దాటిపోతుంది.

## 6. లోక్ అదాలత్‌కి కేసు ఎలా వెళ్తుంది

రెండు పక్షాలూ కలిసి అడగొచ్చు. ఒక్కరే అడిగినా రాజీకి అవకాశం ఉందనిపిస్తే కోర్టు పంపొచ్చు. లాయర్ చేత మెమో వేయించండి. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి సాధారణంగా నాలుగుసార్లు, ఎక్కువగా రెండో శనివారం జరుగుతాయి. మామూలు లోక్ అదాలత్‌లు మధ్యలో కూడా పెడతారు.

ఆ శనివారం నాడు హాలు కిటకిటలాడుతుంది. మీ కేసుకి దొరికేది కొన్ని నిమిషాలే. అసలు బేరం అంతకు ముందే జరగాలి. అందుకే "ప్రీ సిట్టింగ్ పెట్టించండి" అని లాయర్‌ని అడగండి. ముందు రోజుల్లో రెండు పక్షాలనీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

బెంచిలో జడ్జి (పనిలో ఉన్నవారో, రిటైరైనవారో), ఒక లాయర్, ఒక సామాజిక కార్యకర్త లాంటివాళ్లు ఉంటారు. వాళ్లు తీర్పు చెప్పరు. మీరిద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే రాజీ షరతులు రాసిన ఉత్తర్వు, ఇస్తారు. ఎవరో ఒకరు కాదంటే ఫైలు కోర్టుకి తిరిగి వెళ్తుంది, ఆగిన దగ్గర్నుంచి కేసు నడుస్తుంది. "కాదు" అన్నందుకు జడ్జిగారికి కోపం వస్తుందేమో అని సంతకం పెట్టేసినవాళ్లని చూశాను. ఆ భయం అక్కర్లేదు.

కరెంటు, ఇన్సూరెన్స్, ఆసుపత్రి లాంటి సేవల మీద ఉండే పర్మనెంట్ లోక్ అదాలత్ మాత్రం వేరు. అక్కడ రాజీ కుదరకపోయినా తీర్పు ఇవ్వగలరు. ప్రోనోటు దావా అక్కడికి వెళ్లదు.

## 7. బేరానికి ముందు ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సిన లెక్క

కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి.

నిజంగా ఎంత బాకీ? 1,66,000లో కట్టిన 30,000 తీసేస్తే 1,36,000. కేసు పూర్తిగా నడిచి, మీ చెల్లింపు రుజువై, ఆయన అడిగిన వడ్డీ మొత్తం కోర్టు ఒప్పుకున్నా అంతవరకు తేలేది ఇదే. పైన దావా వడ్డీ, ఖర్చులు పడొచ్చు.

నెలకి ఎంత కట్టగలరు? బంధువులు ఇస్తారేమో, పని పెరుగుతుందేమో అని లెక్క వేయకండి. బాగా లేని నెలలో కూడా కట్టగలిగిందే రాయండి. మన ఉదాహరణలో ఆవిడ చీటీ పాడితే 30,000 చేతికొస్తుంది, నెలకి 6,000 కట్టగలదు.

ఎక్కడ ఆగాలి? ఆవిడ 1,20,000 పెట్టుకుంది. 30,000 మొదట, మిగతా 90,000 నెలకి 6,000 చొప్పున 15 నెలలు.

ఇప్పుడు అవతలాయన ఎందుకు తగ్గుతాడు? ఆయనకి కూడా ఇందులో లాభం ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు ఆయనకి వాపసు వస్తుంది. అప్పీలు ఉండదు కాబట్టి మళ్లీ పై కోర్టుకి లాగే భయం లేదు. కేసు నడిపితే సాక్ష్యాలు, వాదనలు అయ్యేసరికి ఏళ్లు పడుతుంది, ఆ తర్వాత డిక్రీని అమలు చేయించడానికి ఈపీ అనే అమలు పిటిషన్ వేయాలి. పైగా దావా వేసిన తేదీ నుంచి డిక్రీ దాకా ఎంత వడ్డీ ఇవ్వాలో కోర్టు ఇష్టం, డిక్రీ తర్వాత చేబదులు లాంటి మామూలు అప్పు మీద ఏడాదికి 6 శాతం మించి వేయకూడదు. నూటికి రెండు రూపాయలు కడదాకా వస్తుందని ఆయన అనుకుంటుంటే, మీ లాయర్ చేత ఈ మాట నెమ్మదిగా చెప్పించండి.

మహిళలకి ఇంకో మాట. "జైలుకి పంపిస్తా" అని బెదిరిస్తే భయపడొద్దు. డబ్బు డిక్రీ అమలులో మహిళను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్‌లో ఉంది. ఆస్తి జప్తు చేయించుకోవచ్చు, అది వేరే సంగతి.

బేరం మొదలుపెట్టేటప్పుడు చివరి అంకె చెప్పకండి. ఆవిడ 1,05,000 అంది. ఆయన 1,50,000 అన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ బల్ల మీద పెట్టగానే 1,36,000కి వచ్చాడు. మొదటి 30,000 ఆ రోజే ఇస్తానంటే 1,20,000కి ఒప్పుకున్నాడు. చేతికి వెంటనే వచ్చే డబ్బుకి ఉండే విలువ వేరు, కాబట్టి మొదటి మొత్తాన్ని చివరిదాకా దాచి పెట్టి వాడండి.

## 8. అవార్డులో ఏం రాయించాలి

ఈ భాగం రెండుసార్లు చదవండి. లోక్ అదాలత్ అవార్డుకి అదే 1987 చట్టం 21వ సెక్షన్ ప్రకారం కోర్టు డిక్రీకి ఉన్న బలమే ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. మోసం లాంటి చాలా కొద్ది కారణాలతో హైకోర్టులో రిట్ వేయడం తప్ప దారి లేదు, ఆ విషయం సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. సంతకం పెట్టాక "నాకర్థం కాలేదు" అంటే నడవదు.

మన ఉదాహరణకి షరతులు ఇలా ఉండాలి:

> 1. దావా మొత్తం 1,20,000 రూపాయలకు పూర్తిగా, తుది పరిష్కారంగా రాజీ అయింది. ఈ నోటు మీద ఇక వేరే బాకీ లేదు.
> 2. 30,000 ఈ రోజు ముట్టింది. మిగతా 90,000 నెలకు 6,000 చొప్పున 15 కిస్తీలుగా, ప్రతి నెల 10వ తేదీలోపు వాది బ్యాంకు ఖాతాకు చెల్లించాలి.
> 3. వరుసగా రెండు కిస్తీలు తప్పితే, అప్పటికి ఈ 1,20,000లో మిగిలిన మొత్తాన్ని మాత్రమే వాది ఒకేసారి వసూలు చేసుకోవచ్చు.
> 4. వాది దగ్గర ఉన్న ప్రతివాది ఖాళీ చెక్కు (నంబరు, బ్యాంకు పేరు) ఈ రోజు తిరిగి ఇచ్చారు. దానిమీద ఎలాంటి కేసు వేయరు.

మూడో షరతు దగ్గర చాలామంది మునిగిపోతారు. అవతలి లాయర్ తెచ్చే కాగితంలో "కిస్తీ తప్పితే దావా మొత్తం వడ్డీతో వసూలు చేసుకోవచ్చు" అని ఉంటుంది. తేడా లెక్క వేద్దాం. ఆవిడ మొదటి 30,000, తర్వాత ఐదు కిస్తీలు కట్టి ఆగిందనుకోండి. అప్పటికి 60,000 కట్టినట్టు. పైన రాసిన షరతు ఉంటే మిగిలేది 60,000. వాళ్ల షరతు ఉంటే 1,66,000లో 60,000 పోను 1,06,000, దాని మీద వడ్డీ. ఒక్క వాక్యానికి 46,000 పైన తేడా.

ఒక కిస్తీ తప్పగానే మొత్తం కట్టాలని కూడా ఒప్పుకోకండి. ఒక్క నెల జ్వరమొస్తే మీ బేరమంతా పోతుంది.

నాలుగోది మర్చిపోతే ఇంకో ప్రమాదం. నోటు కోర్టులో ఉంటుంది కానీ చెక్కు ఆయన బీరువాలోనే ఉంటుంది. రాజీ అయిన ఆర్నెల్లకి ఆ చెక్కు బ్యాంకులో వేసి చెక్ బౌన్స్ కేసు పెడితే మళ్లీ మొదటికొస్తారు. చెక్కు నంబరు మీ పాత చెక్‌బుక్ చూసి ముందే రాసుకెళ్లండి.

దావా సమయంలో మీ ఆస్తి మీద అటాచ్‌మెంట్ పెట్టి ఉంటే దాన్ని ఎత్తేయాలని రాయించండి. హామీ సంతకం పెట్టినవాళ్లని కూడా దావాలో చేర్చి ఉంటే వాళ్లకి కూడా ఇదే రాజీ వర్తిస్తుందని రాయించండి.

సంతకానికి ముందు:

- మొత్తం తెలుగులో చదివి వినిపించమని అడగండి. ఇంగ్లీషులో టైపు చేస్తే మీ లాయర్ ఒక్కో షరతూ చెప్పాలి.
- అంకెలు, అక్షరాల్లో మొత్తం ఒకటేనా చూడండి.
- వాది ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ సరిచూసుకోండి.
- ఖాళీలు వదిలేసిన చోట గీత కొట్టించండి.
- అవార్డు కాపీ ఎప్పుడిస్తారో అడగండి. దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు.

## 9. అవార్డు తర్వాత

ప్రతి కిస్తీ బ్యాంకు ద్వారానే కట్టండి, రిమార్క్‌లో ఓ.ఎస్. నంబరు రాయండి. ఆయన "చేతికే ఇచ్చెయ్ అమ్మా" అన్నా వద్దు. కోర్టు బయట కట్టిన డబ్బు సంగతి రికార్డుకి ఎక్కకపోతే, రేపు ఈపీ వేసినప్పుడు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఒక నెల కట్టలేకపోయేలా ఉంటే తేదీ దాటకముందే ఆయనకి వాట్సాప్‌లో రాతగా చెప్పండి, మీ లాయర్‌కి చెప్పండి. రెండు కిస్తీలు వరుసగా తప్పనివ్వకండి.

చివరి కిస్తీ కట్టగానే చాలామంది హమ్మయ్య అని కాగితాలు బీరువాలో పెట్టేస్తారు. ఇంకో పని ఉంది. మొత్తం ముట్టిందని వాది సంతకంతో కోర్టులో ఫుల్ శాటిస్‌ఫ్యాక్షన్ మెమో వేయించాలి. ఆయన రాకపోతే మీరే బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేసి చెల్లింపు నమోదు చేయమని పిటిషన్ వేయొచ్చు, దానికి కట్టిన తేదీ నుంచి 30 రోజులే గడువు. డిక్రీ అమలుకి ఆయనకి 12 ఏళ్ల సమయం ఉంటుంది కాబట్టి, ఆ మెమో మీద కోర్టు నమోదు చేసిన కాపీ మీ చేతికి వచ్చేదాకా ఆ ఫైలుని మూసేయకండి.